బ్లౌజు రేటు చెప్పగానే ఫోన్ పెట్టేస్తున్నారు: షాపు వివరణలో ఏం రాయాలి?

ప్రశ్న: మాది చిన్న బ్లౌజుల షాపు. గూగుల్ మ్యాప్స్‌లో "అన్ని రకాల బ్లౌజులు కుట్టబడును, రూ.250 నుంచి, అర్జెంటుగా కూడా చేయబడును" అని పెట్టాను. ఫోన్లు బాగానే వస్తున్నాయి, రేటు చెప్పగానే పెట్టేస్తున్నారు. రేట్లు తగ్గించాలా? వివరణ మార్చాలంటే ఏం రాయాలి?

సమాధానం:

రేట్లు తగ్గించకండి. ముందు ఆ వాక్యంలోంచి "అన్ని రకాల", "నుంచి", "అర్జెంటు" అనే మూడు మాటలు తీసేయండి. మీ దగ్గరికి అన్నిటికన్నా ఎక్కువగా వచ్చే బ్లౌజు ఏదో చూసుకుని, లైనింగు గుడ్డతో సహా దానికి మొత్తం ఎంతవుతుందో, ఎన్ని రోజుల్లో చేతికిస్తారో రాయండి. మిగతావన్నీ ఆ తర్వాత.

ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, నాది కూడా ఇంచుమించు ఇదే వాక్యం. రాజమండ్రిలో 19 ఏళ్లుగా బ్లౌజులు కుడుతున్నాను. నేను, నాతోపాటు మిషను మీద కూర్చునే ఒకమ్మాయి, హుక్కులూ హెమ్మింగూ ఇంటికి తీసుకెళ్లి చేసుకొచ్చే ఒకావిడ, అంతే మా షాపు. పేజీ పెట్టినప్పుడు "అన్ని రకాల లేడీస్ బ్లౌజులు కుట్టబడును. రూ.200 నుంచి. అర్జెంటు ఆర్డర్లు తీసుకోబడును. పర్ఫెక్ట్ ఫిట్టింగ్" అని రాశాను. బయట బోర్డు మీద ఏముందో అదే ఫోన్లోకి ఎక్కించానన్నమాట.

శ్రావణ మాసంలో ఒక బుధవారం పొద్దున్నే ఒకావిడ వచ్చారు. ఉండేది హైదరాబాదులో, పుట్టిల్లు మా ఊరు. శనివారం తమ్ముడి పెళ్లి. ఆటో దిగి, ఫోన్లో మా పేజీ చూపించి, "మీరేనాండీ?" అని అడిగి సంచీ విప్పారు. రెండు పట్టు ముక్కలు, ఒక ఆర్గాంజా ముక్క, వాళ్లమ్మగారిది ఒక కాటన్ ముక్క. పట్టువి మామూలు నాలుగు టక్కుల బ్లౌజులు, లైనింగుతో. ఆర్గాంజాది ప్రిన్సెస్ కట్, ప్యాడ్లు పెట్టాలి. కాటన్‌ది లైనింగు లేకుండా.

నేను కాగితం మీద లెక్క వేశాను. పట్టు బ్లౌజులకు కుట్టుకూలి చెరో 450, రెండింటికీ 900. వాటికి లైనింగు మీటరు 90 చొప్పున 180. ఆర్గాంజాకు ప్యాడ్లతో కలిపి కూలి 700, లైనింగు 90. కాటన్‌ది 200. మొత్తం 2,070. ఆ రోజుల్లో మా వీధిలో ఇది ఎక్కువ కాదు. కానీ ఆవిడ ఇంటి దగ్గర వేసుకొచ్చిన లెక్క వేరు. నాలుగు బ్లౌజులు, 200 "నుంచి" అన్నారు కదా, పట్టువి కాస్త ఎక్కువైనా మహా అయితే 1,200 అనుకున్నారు. "రెండొందలని రాసి రెండు వేలంటారేంటండీ" అన్నారు. కోపంగా కాదు, తనే ఏదో పొరపాటు చదివానేమో అన్నట్టు మళ్లీ ఫోన్లోకి చూసుకున్నారు. ఆ చూపు నాకు ఇప్పటికీ గుర్తుంది.

డబ్బు దగ్గర తేలకముందే రోజుల దగ్గర ఇంకో చిక్కొచ్చింది. ఆవిడ దృష్టిలో అర్జెంటు అంటే రేపు సాయంత్రం, లేదంటే శుక్రవారం మధ్యాహ్నం. నా దృష్టిలో అర్జెంటు అంటే వరసలో ఉన్న ముప్ఫై బ్లౌజులను పక్కకు జరిపి అయిదో రోజున ఇవ్వడం. శ్రావణంలో అదే గగనం. ఇద్దరం ఒకే మాట అంటున్నాం, ఇద్దరి లెక్కలో మూడు రోజుల తేడా ఉంది. ముక్కలు మడిచి సంచీలో పెట్టుకుని, "పర్లేదండీ" అని వెళ్లిపోయారు.

బేరం కుదరలేదు, పోనీలే అనుకున్నాను. రెండు రోజుల తర్వాత లైనింగులు తెచ్చుకోవడానికి మ్యాచింగ్ సెంటరుకు వెళితే, అక్కడి బాబాయి చెప్పాడు. ఆవిడ అదే రోజు అక్కడే లైనింగులు కొనుక్కుని, పై వీధిలో ఇంకో షాపులో ఇచ్చారట. అక్కడ కూలే నాకన్నా ఎక్కువ, లైనింగులతో కలిపి 2,400 పైనే అయిందట. "రేటు గురించి కాదమ్మా, రాసింది ఒకటి చెప్పింది ఒకటి అన్నారు" అన్నాడు. నాకన్నా ఎక్కువ తీసుకున్న షాపుకు ఆవిడ సంతోషంగా డబ్బిచ్చి వెళ్లారంటే, నా రేటు వల్ల పోలేదు. నా వాక్యం వల్ల పోయారు. మీ ఫోన్లు కూడా ఇలాగే ఆగిపోతున్నాయని నా అనుమానం. 250 అని చదివి ఫోన్ చేసిన మనిషికి 500 అని వినబడితే, 500 ఎక్కువో తక్కువో ఆలోచించరు. మీరు మాట మార్చారనే అనుకుంటారు.

మన పనిలో మనం ఎప్పుడూ ఇలా ఊరుకోం. ఆది జాకెట్టు ఇచ్చి "దీనికన్నా కాస్త లూజుగా" అంటే అలాగేనని తల ఊపి కత్తెర పట్టం. "ఎక్కడ లూజు? చంక దగ్గరా, నడుం దగ్గరా? అరంగుళమా, అంగుళమా?" అని అడిగి టేపు పెట్టి రాసుకుంటాం. ఒకరి "కాస్త" ఇంకొకరికి రెండంగుళాలని మనకు తెలుసు. మరి "అన్ని రకాల", "నుంచి", "అర్జెంటు" కూడా "కాస్త లూజు" లాంటివే. చదివేవాళ్లు తమ కొలత తామే వేసుకుంటారు.

మార్చడానికి ముందు పది రోజులు రాసుకున్నాను. ఫోన్ వచ్చినా, మనిషి వచ్చినా మొదట అడిగే ప్రశ్న ఏదో ఒక నోటు పుస్తకంలో గీతలు పెట్టాను. ఇది మీరు కూడా చెయ్యండి, ఎందుకంటే మీ వీధి ప్రశ్నలు వేరుగా ఉండొచ్చు. నా దగ్గర పదే పదే వచ్చినవి నాలుగు. లైనింగు మీరు వేస్తారా, మేం తేవాలా? ఎప్పుడిస్తారు? మగ్గం వర్కు చేస్తారా? సరిపోకపోతే మళ్లీ డబ్బులు తీసుకుంటారా? నా పాత వాక్యం ఈ నాలుగింటిలో ఒక్కదానికీ జవాబు చెప్పలేదు. "పర్ఫెక్ట్ ఫిట్టింగ్ ఇస్తారా?" అని ఎవరూ అడగలేదు, నేను రాసింది మాత్రం అదే.

ఒక్కొక్క మాటా ఎలా మార్చానో చెబుతాను.

"అన్ని రకాల." ఇది అబద్ధమని రాసేటప్పుడు నాకే తోచలేదు. నేను మగ్గం చేయను, బయట ఇప్పిస్తాను. చుడీదార్లు నాకు చేతకాక కాదు, చేయి తిరగాలంటే రోజూ చెయ్యాలి, నేను ఏడాదికి నాలుగు కుడతాను. అందుకని ఇలా రాశాను: "బ్లౌజులు, లంగా ఓణీలు కుడతాం. చుడీదార్లు, ఫ్రాకులు కుట్టం. మగ్గం వర్కు చేయం. వర్కు పూర్తయిన గుడ్డ తెస్తే కుడతాం." చేయనివి రాస్తే ఆర్డర్లు పోతాయని భయపడ్డాను. పోయినవి నేను ఎలాగూ చేయని పనులే. వాటి కోసం రోజుకు నాలుగైదు ఫోన్లు ఎత్తి, కాళ్లు మిషను మీద ఉండగా లేదని చెప్పడం తప్పింది.

"నుంచి." 200 నుంచి అన్న మాట తప్పు కాదు, నిజంగానే లైనింగు లేని కాటన్ బ్లౌజు 200కే కుడతాను. కానీ ఫోన్లో వెతుక్కుని వచ్చే మనిషి లైనింగు లేని బ్లౌజు కోసం రాదు. పెళ్లో వ్రతమో ఉండి పట్టుచీర ముక్కతో వస్తుంది. ఎవరూ కొనని చివరి మెట్టు రేటును పైన రాసి, అందరూ కొనేదాన్ని నోటితో చెప్పడం వల్లే ఆ గొడవ. కాబట్టి పట్టు బ్లౌజు రేటు పైన పెట్టి, కాటన్ది కిందకు దించాను.

ఇక్కడ ఒక విషయం చెప్పాలి. గూగుల్ పేజీలో షాపు వివరణకు 750 అక్షరాల హద్దు ఉంది, అందులో ధరలూ ఆఫర్లూ నింపొద్దనే వాళ్ల నియమం కూడా ఉంది. ధరలకు విడిగా సేవల విభాగం ఉంటుంది, అక్కడ ఒక్కో రకం బ్లౌజునూ ఒక్కో సేవగా రాసి పక్కన ధర పెట్టుకోవచ్చు. వివరణలో ఏం కుడతాం, ఏం కుట్టం, ఎన్ని రోజులు, సరిచేసే పద్ధతి ఏమిటి, ఇవి పెట్టండి. వాట్సాప్ బిజినెస్ వాడుతుంటే అవే రకాలు, అవే ధరలు క్యాటలాగులో కూడా పెట్టండి. రెండు చోట్లా రెండు రేట్లుంటే మళ్లీ మొదటికొస్తుంది.

"అర్జెంటు." దీని మీద నేను అన్నిటికన్నా ఎక్కువ ఆలోచించాను. లైనింగు బ్లౌజు మిషను మీద ఉండేది రెండు మూడు గంటలే. మరి రేపెందుకు ఇవ్వలేను? మొదటిది లైనింగు తడపడం. కాటన్ లైనింగు నీళ్లలో నానబెట్టి ఆరబెట్టకుండా కోస్తే మొదటి ఉతుకులో అది కుంచించుకుపోతుంది, పైన పట్టు అలాగే ఉంటుంది, దాంతో టక్కుల దగ్గరా చంక కిందా ముడతలు పడి బ్లౌజు ఎక్కి కూర్చుంటుంది. శ్రావణంలో ఎండ ఉండదు, రాత్రంతా ఫ్యాను కింద ఆరాలి. రెండో రోజు కోత, కుట్టు. మూడో రోజు హుక్కులు, కాజాలు, హెమ్మింగు, ఇస్త్రీ. వరసలో ఎవరూ లేకపోయినా మూడు రోజులు పడుతుంది. ఒక్కరోజులో ఇస్తామనే చోట వీటిలో ఏదో ఒకటి ఎగ్గొడతారు, ఎక్కువగా మొదటిదే.

అందుకని ఇలా రాశాను: "మామూలుగా 7 రోజులు. శ్రావణంలో, పెళ్లిళ్ల నెలల్లో 12 రోజులు. తొందరగా కావాలంటే 3 రోజులు, బ్లౌజుకు రూ.150 అదనం, రోజుకు రెండే తీసుకుంటాం. లైనింగు తడిపి ఆరబెట్టాకే కోస్తాం, అందుకే అంతకన్నా ముందు ఇవ్వలేం." చివరి వాక్యం కారణం కోసం పెట్టాను కానీ, దాన్ని చదివి వచ్చినవాళ్లే ఎక్కువ. అంతకుముందు ఎక్కడో కుట్టించి మొదటి ఉతుకులోనే ముడతలు చూసినవాళ్లు "మీరు లైనింగు తడుపుతారట కదా" అని అడుగుతూ వచ్చారు. నేను మొదటి రోజు నుంచీ చేస్తున్న పనే అది, ఎక్కడా రాయలేదంతే.

"పర్ఫెక్ట్ ఫిట్టింగ్." దీన్ని తీసేసి, సరిపోకపోతే ఏం చేస్తానో రాశాను. "సైడు కుట్లలో రెండు వైపులా అంగుళం చొప్పున గుడ్డ వదులుతాం. తీసుకెళ్లిన 15 రోజుల్లోపు లూజు, టైటు సరిచేయడం ఉచితం. ఒకసారి కోసిన మెడ లోతు తగ్గించలేం, చేతుల పొడవు పెంచలేం." ఈ ఆఖరి మాట రాయడానికి కారణం ఉంది. వెనక మెడ ఎనిమిదంగుళాలు కావాలని, ఇంటికెళ్లాక ఆరుకు తగ్గించమని వచ్చినవాళ్లున్నారు. కోసేశాక గుడ్డ ఎక్కడి నుంచి తెస్తాం? అతుకు వేస్తే కనబడుతుంది. చేయలేనిది ముందే రాస్తే, కొలత ఇచ్చేటప్పుడే వాళ్లు అద్దంలో మెడ దగ్గర చెయ్యి పెట్టి చూసుకుని మరీ చెబుతున్నారు.

గుడ్డ గురించి కూడా ఒక వాక్యం అవసరమైంది. చీరతో వచ్చే ముక్క సాధారణంగా 80 సెంటీమీటర్లు. ఛాతీ 36 దాకా మోచేతి చేతులతో ఇబ్బంది ఉండదు. 40 దాటి మోచేతి దాకా చేతులు, వాటికి జరీ అంచు రావాలంటే చాలా ముక్కల్లో చాలదు. అందుకని "40 సైజు దాటి మోచేతి చేతులు కావాలంటే ముక్క కొలిచి చూశాకే ఒప్పుకుంటాం" అని పెట్టాను. ఇది మీ షాపుకు అక్కర్లేకపోవచ్చు. మీ దగ్గర ఎక్కువ ఏ గొడవ వస్తుందో దాని గురించి ఒక్క వాక్యం రాయండి, అన్నిటి గురించీ వద్దు.

అన్నిటి గురించీ రాసి చూశాను కాబట్టే చెబుతున్నాను. మొదటిసారి తిరగరాసినప్పుడు పైపింగ్ రేటు, తాళ్ల రేటు, లట్కన్ల రేటు, పఫ్ చేతులకు ఎంత, బోట్ నెక్కుకు ఎంత, అన్నీ కలిపి పొడుగ్గా వాట్సాప్‌లో పెట్టాను. అంత చదివే ఓపిక ఎవరికీ లేదు. "అది సరే అండీ, నా బ్లౌజుకు ఎంత?" అని మళ్లీ ఫోన్లు. ఇప్పుడు నాలుగు రకాలకే ధర ఉంది: లైనింగు లేనిది, నాలుగు టక్కులది, ప్రిన్సెస్ కట్, లంగా ఓణీ. మిగతావి "మోడల్ చూసి కోతకు ముందే చెబుతాం, చెప్పాక మారదు" అనే ఒక్క మాటలో వదిలేశాను. మారదు అన్నది ముఖ్యం. చెప్పాక నేను లెక్క తప్పితే నష్టం నాదే, రెండుసార్లు అలా భరించాను కూడా.

మగ్గం, కంప్యూటర్ వర్కులు చేసే షాపైతే ఈ పద్ధతి పూర్తిగా పనికిరాదు. చేతులకు మాత్రమే సన్నటి బోర్డరు వేస్తే ఒక రేటు, వీపంతా నింపితే ఇంకో రేటు, ఒక అంకె రాయడం కుదరదు. అలాంటివాళ్లు తాము చేసిన రెండు మూడు బ్లౌజుల ఫొటోలు పెట్టి, ఒక్కోదాని కింద దానికి అసలు ఎంత తీసుకున్నారో, ఎన్ని రోజులు పట్టిందో రాయడం మేలు. ఫొటోలు మీ చేత్తో కుట్టినవే అయ్యుండాలి. నేను ఒకప్పుడు నెట్లో దొరికిన నెట్ చేతుల బ్లౌజు ఫొటో పెట్టాను, అందంగా ఉందని. ఇద్దరు అచ్చం అదే కావాలని గుడ్డ కొనుక్కుని వచ్చారు. ఫొటో కూడా మాటిచ్చినట్టే.

ధరల పక్కన ఏ నెల నుంచి అమల్లో ఉన్నాయో రాయండి. హుక్కుల దగ్గర నుంచి లైనింగు దాకా ఏదో ఒకటి పెరుగుతూనే ఉంటుంది, పాత రేటు పేజీలో మిగిలిపోతే మళ్లీ 200, 2,000 గొడవే. నేను ఉగాదికి ఒకసారి, ఆషాఢంలో పెళ్లిళ్లు లేక చేతికి కాస్త తీరిక దొరికినప్పుడు ఒకసారి, కూర్చుని చూసుకుంటాను.

కొత్త వివరణ వచ్చాక ఫోన్లు తగ్గాయి. మొదటి వారం భయమేసింది, పాతది మళ్లీ పెట్టేద్దామా అనుకున్నాను. కానీ వచ్చిన ఫోన్లలో "ఎంత?" పోయి "గురువారం ఇస్తే వచ్చే గురువారానికి అవుతుందా?" అనేది మొదలైంది. గుమ్మం దాకా వచ్చి సంచీ మడుచుకుని వెళ్లిపోయినవాళ్లు ఆ తర్వాత నాకు గుర్తులేరు. ఆ హైదరాబాదావిడ మాత్రం మళ్లీ రాలేదు.

ఒక్క పని మాత్రం మానకండి. రాసింది పెట్టేముందు, కుట్టుపని తెలియని ఒకరికి చదవడానికిచ్చి రెండు ప్రశ్నలడగండి: నీ పట్టు బ్లౌజుకు మొత్తం ఎంతవుతుంది, ఎప్పుడు చేతికొస్తుంది? "బాగుందా?" అని అడగొద్దు, బాగుందనే అంటారు. నేను మా ఆడపడుచుకు ఇచ్చాను. అప్పటికి నా కాగితంలో "లైనింగు బ్లౌజు కూలి రూ.450, లైనింగు గుడ్డ మేమిస్తే రూ.90 అదనం" అని ఉంది. నాకు అంతకన్నా స్పష్టంగా ఇంకేముంటుంది అనిపించింది. ఆవిడ చదివి "450, వారంలో ఇస్తావు" అంది. రోజులు సరిపోయాయి, డబ్బు సరిపోలేదు. లైనింగు బ్లౌజు అన్నాక లైనింగు అందులోనే ఉంటుంది కదా అని ఆవిడ లెక్క, అది తప్పెలా అవుతుంది? అక్కడే కూర్చుని మార్చాను: "లైనింగు బ్లౌజు, గుడ్డతో సహా మొత్తం రూ.540. లైనింగు మీరే తెచ్చుకుంటే రూ.450." మళ్లీ ఇచ్చాను. "540. మా ఇంట్లో లైనింగు ముక్క ఉంది, తెస్తే 450" అంది. దాన్నే పేజీలో ఎక్కించాను.